సింధు, కార్తీక్‌లకు తొలి సంక్రాంతి శుభాకాంక్షలు

అమ్మాయ్ సింధూ, కార్తీక్ మరిదీ, ఇద్దరికీ మీ తొలి సంక్రాంతి శుభాకాంక్షలు. ఈ లెటర్ భోగి నాడు పొద్దన్నే మంట దగ్గర అందరూ చేరినాక అవ్వ చదవాలని నేనే అడిగా, సరేనంది. కార్తీక్ ఆఫీసు ఫ్రెండ్స్ ఇద్దరు పూణే నుంచి వస్తుండారంట కదా, వాళ్ళకి తెలుగు రాదు, అందుకని చివర్లో ఇంగ్లీషులో కూడా నాలుగు మాటలు రాశా, అవ్వకి ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి అదీ తెలుగు అక్షరాల్లోనే పెట్టా. అవ్వా, నిదానంగా చదువు, యాడ ఆగినా పర్లేదు.

నాకు లీవ్ దొరకలా. ఆ బాధ చెప్పుకుంటే ఈ లెటర్ అంతా అదే అయిపోద్ది, వదిలేస్తుండా.

సింధూ, పోయిన సంవత్సరం ఈ రోజుకి నువ్వు చలిలో వణుక్కుంటా గొబ్బెమ్మలు చేస్తా ఉండావు, మధ్యలో పెద్ద గొబ్బెమ్మకి గుమ్మడిపువ్వు నిలబడక మూడుసార్లు పడిపోతే నాలుగోసారి నీ జడలో పిన్ను తీసి గుచ్చావు, గుర్తుందా? ఈసారి అదే వాకిట్లో పసుపుతాడు మెడలో వేసుకుని ముగ్గేస్తావు. ఆ వాకిలి ఎప్పటికీ నీదే, అత్తారింటి వాకిలి కూడా నీదే, రెండు వాకిళ్ళలోనూ నీ ముగ్గు నిండుగా ఉండాలని నా కోరిక.

కార్తీక్ మరిదీ, మీది ఒంగోలు పక్క, కందులూ పొగాకూ చూసి పెరిగారు, మా కోవూరు పొలాలు ఈ టైములో చూస్తే మీకు డౌటు రావచ్చు, పంట పండగ అంటారు, కోసిన పంట యాడ అని. మాకు గట్టి వానలు అక్టోబరు, నవంబరులోనే పడతాయి, పెన్నా కింద పెద్ద పంట దాని తర్వాతే నాటతారు, కోతలు మార్చి, ఏప్రిల్‌లో. సంక్రాంతికి మా పొలం అంతా పచ్చటి పైరు, గాలికి ఊగుతా ఉంటది, నాన్న ఆ గట్టు మీద నిలబడే కొత్త బట్టలు కట్టుకున్నంత సంతోషపడతాడు. ఇంకా గింజ పట్టని పైరుని చూసే మేం పండగ చేసుకుంటాం. మీ ఇద్దరికీ పెళ్ళయ్యి రెండు నెలలే కదా, ఎవరైనా అప్పుడే విశేషమా, ఇల్లు కొన్నారా అని అడిగితే తొందరపడబాకండి, మీ పైరుకి టైముంది, నిదానంగా ఏపుగా పెరగనీండి.

అమ్మ అరిసెలు ఒక్కటి కూడా వదలబాకండి మరిదీ. పాకం చూసేటప్పుడు ఒకసారి వంటింట్లోకి పోయి చూడండి, గిన్నెలో నీళ్ళు పోసి అందులో చుక్క పాకం వేసి వేళ్ళతో దగ్గరికి లాగుద్ది, మెత్తటి ఉండ అయితే పిండి పోస్తది, లేకుంటే ఇంకాసేపు తిప్పుద్ది, లేత పాకమైతే నూనెలో విడిపోతాయి, ముదిరితే గట్టిపడతాయి. ఆ టైములో అమ్మని ఎవరు పిలిచినా పలకదు. మీ ఇద్దరూ ఒకరి మాట ఒకరు అంత శ్రద్ధగా వినాలి, కోపం వచ్చిన రోజు కూడా. వేడివేడి అరిసెని చెక్కలతో నూనె నొక్కే పని మాత్రం మీరు తీసుకోండి, అమ్మకి చేతులు నొప్పి, చెప్పదు.

కనుమ నాడు పశువులకి కొమ్ములు కడిగి పసుపు పూసేటప్పుడు నాన్న పక్కన నిలబడండి. మీ తాతగారింట్లో గిత్తలు ఉండేవంట కదా, ఆ మాట మీరే చెప్పండి, నాన్నకి మీరు అల్లుడిగా కంటే ముందు ఆ రకంగా దగ్గరవుతారు. ఇద్దరికీ ఆరోగ్యం, చేతి నిండా పని, ఇంటికొచ్చినోళ్ళకి పెట్టగలిగినంత బియ్యం, ఆ దేవుడు ఇవ్వాలి.

ఇప్పుడు ఇంగ్లీషు ముక్క, అవ్వా, గట్టిగా చదువు:

డియర్ సింధు అండ్ కార్తీక్, విషింగ్ యూ ఎ వెరీ హ్యాపీ ఫస్ట్ సంక్రాంతి యాజ్ హస్బెండ్ అండ్ వైఫ్. మే యువర్ హోమ్ ఆల్వేస్ బీ ఫుల్ ఆఫ్ రైస్, లాఫ్టర్ అండ్ గుడ్ పీపుల్. బీ కైండ్ టు ఈచ్ అదర్, ఈవెన్ ఆన్ టయర్డ్ డేస్. టు అవర్ గెస్ట్స్ ఫ్రమ్ పూణే, వెల్కమ్ టు నెల్లూరు. ప్లీజ్ ఈట్ వెల్. అవర్ ఫిష్ కర్రీ టేస్ట్స్ బెటర్ ద నెక్స్ట్ మార్నింగ్, సో స్టే వన్ మోర్ డే.

సింధూ, ఏటి పండక్కి అందరూ నెల్లూరు పోతారు కదా, పెన్నాలో గొబ్బెమ్మలు వదిలేటప్పుడు నా పేరు చెప్పి ఒకటి వదులు. చిన్నదైనా సరే, పువ్వు మాత్రం నిలబడేట్టు పిన్ను పెట్టు.

ప్రేమతో,
మీ అక్క