భారతి టీచర్, పర్లాకిమిడి: సభకి పిలిచేవాళ్ళ కోసం ఒక పేజీ

స్టేజి మీద పరిచయానికి (యాంకర్ గారు ఉన్నదున్నట్టు చదివేయండి, నిమిషంలో అయిపోద్ది)

"భారతి టీచర్‌ది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలకి పద్నాలుగేళ్ళుగా సాయంత్రాలు తన ఇంటి వసారాలో తెలుగు రాయడం, చదవడం నేర్పిస్తున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. మన ఇంటి మాటని పుస్తకంలోకి తేవడం గురించి ఈరోజు మాట్లాడతారు."

పేరు ముందు డాక్టర్ అని పెట్టకండి, నాకు డాక్టరేట్ లేదు. ఒక సభలో ఫ్లెక్సీ మీద అలా వేసేశారు, మాట్లాడినంతసేపూ నా మనసు దాని మీదే ఉండిపోయింది. ఫొటో నేనే పంపుతా.

నేను చెప్పేవి

1. సరుకుల చీటీ. 45 నిమిషాలు, తల్లిదండ్రులకీ టీచర్లకీ. ఒక గుంటడు వాళ్ళమ్మ చెప్తుంటే రాసిన చీటీ నా దగ్గరుంది, చింతపండు, కందిపప్పు, బెల్లం అన్నీ మన మాటలే, అక్షరాలు మాత్రం ఒడియావి. ఆ అమ్మ చదవలేకపోయింది, కొట్టాయన గడగడా చదివేశాడు. ఆ చీటీ తెస్తా, చేతులు మారుతూ అందరూ చూడాలి, ఈ టాపిక్ అన్నిటికంటే ముందు అడగండి.

2. పర్లాకిమిడిలో గిడుగు. గంట, కాలేజీలకి. వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు, సవర భాష నేర్చుకుని ఆ భాషకి 1931లో మాన్యువల్, 1938లో డిక్షనరీ అచ్చు వేయించిన సంగతి మన పిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, అది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

3. అక్షరాల ఆట. రెండు గంటలు, 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలు, 30 మంది దాటితే వద్దు, ఒక్కొక్కరి పలక దగ్గరికీ వెళ్ళలేను.

తెలుగులో గానీ ఒడియాలో గానీ మాట్లాడగలను, రెండూ కలిపి చెప్పమన్నా సరే.

కావాల్సినవి: ఒక మైకు, నల్లబోర్డు, సుద్దముక్కలు. ప్రొజెక్టర్ అక్కర్లేదు. పిల్లల ప్రోగ్రాం అయితే కింద కూర్చోడానికి చాపలు.

రావడం: పాతపట్నం, టెక్కలి, గుణుపురం వైపు పొద్దున్న వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరతా. బరంపురం, విశాఖ అయితే రాత్రికి బస చూడాలి, రైలు పలాసలో ఎక్కుతా.

డబ్బు: బడులకీ లైబ్రరీలకీ దారిఖర్చులు చాలు. కాలేజీలు, సంఘాలు 3,000 ఇవ్వండి, అది పిల్లల పలకలకీ పుస్తకాలకీ పోతుంది.

ఆదివారాలు, రెండో శనివారాలు ఖాళీ. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికైతే జూన్‌లోనే చెప్పండి. ఈ పేజీ వచ్చిన నంబర్‌కే వాట్సాప్‌లో తేదీ, ఊరు, ఎంతమంది వస్తారు, పై మూడింట్లో ఏది కావాలి, ఈ నాలుగూ పెడితే రెండ్రోజుల్లో వస్తానో రానో చెప్పేస్తా.