కర్ణభేరి మరమ్మతు శస్త్రచికిత్స: విజయావకాశాలు, ఇంటి దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు

నమస్కారం.

ఫిబ్రవరి 9, సోమవారం ఉదయం మీ కుడి చెవికి శస్త్రచికిత్స నిర్ణయించాము. ఓపీలో మాట్లాడుకున్న సంగతులు ఇంటికి వెళ్ళేసరికి సగం మరచిపోవడం సహజం కాబట్టి, మీరూ, మీకు తోడుగా ఉండబోయే మీ అక్కగారూ తీరికగా చదువుకోవడానికి వీలుగా అన్నీ కాగితం మీద పెడుతున్నాను. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు వారాలూ ఈ కాగితం చేతికి అందేచోట ఉంచుకోండి.

తొమ్మిదేళ్ళ వయసులో చెవి కారి, కర్ణభేరికి పడిన రంధ్రం మీకు ఇప్పటికీ అలాగే ఉంది. కొత్తగా పడిన చిన్న చిల్లు చాలావరకు దానంతట అదే పూడుకుంటుంది. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన రంధ్రం మాత్రం పూడదు, ఎందుకంటే బయటి చర్మమూ లోపలి పొరా అంచు దగ్గర కలిసిపోయి, అక్కడితో గాయం మానినట్టే శరీరం భావిస్తుంది. మందులతోనో చుక్కలతోనో చీము ఆగుతుంది గానీ చిల్లు మూసుకోదు. మీ చెవి మూడు నెలలుగా పొడిగా ఉండటమూ, ఎముకను తినివేసే రకం జబ్బు కనిపించకపోవడమూ ఈ ఆపరేషన్‌కు అనుకూలించే విషయాలు.

ఆపరేషన్ తప్పనిసరి కాదన్న మాట కూడా చెప్పాలి. చెవిలోకి నీళ్ళు పోకుండా జీవితాంతం జాగ్రత్తపడుతూ, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకుని ఉండవచ్చు. కానీ జలుబు చేసిన ప్రతిసారీ చెవి కారడం, తరగతి గదిలో వెనుక బెంచీ పిల్లల మాట అందకపోవడం మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెడుతున్నాయో మీరే చెప్పారు. ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే నేను శస్త్రచికిత్సకు మొగ్గు చూపాను.

ఆపరేషన్‌లో ఏం చేస్తాం

మీకు పూర్తి మత్తు ఇస్తారు. చెవి వెనుక మడతలో కోత పెట్టి, కణత కండరాన్ని కప్పి ఉండే పలచని పొరలోంచి చిన్న ముక్క తీసుకుంటాము. దానివల్ల నమలడానికి గానీ, ముఖం కదలికకు గానీ లోటు రాదు. మైక్రోస్కోపులో చూస్తూ రంధ్రం అంచును సన్నగా చెక్కి పచ్చిగాయంగా మార్చి, ఆ పొరను కర్ణభేరి కింద పరచి, పైనా కిందా కరిగిపోయే జెల్‌ఫోమ్ ముక్కలతో కదలకుండా నిలబెడతాము. కర్ణభేరి మొత్తం ఒక సెంటీమీటరుకు మించదు, మందం మిల్లీమీటరులో పదో వంతు. అందుకే పని చిన్నదిగా కనిపించినా గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అదే సమయంలో వినికిడి ఎముకలు మూడూ సరిగా కదులుతున్నాయో లేదో చూస్తాము.

ఆదివారం రాత్రి పన్నెండు తర్వాత ఏమీ తినకండి. థైరాయిడ్ మాత్రను మాత్రం పొద్దున ఒక గుక్క నీళ్ళతో వేసుకోండి. ముందురోజే తలస్నానం చేసి, చెవి దుద్దులు, ముక్కుపుడక తీసి ఇంట్లోనే ఉంచి రండి. చెవి వెనుక రెండు వేళ్ళ వెడల్పున జుట్టు తీస్తాము. జడ వేసుకుంటే అది పైకి కనిపించదు.

ఫలితం ఎంతవరకు ఆశించవచ్చు

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, వాటిని విడివిడిగా చూడాలి. మొదటిది, రంధ్రం మూసుకుంటుందా అన్నది. అనుభవమున్న చేతుల్లో ఈ ఆపరేషన్ సాధారణంగా నూటికి 85 నుంచి 90 మందిలో రంధ్రాన్ని మూస్తుంది. మీ రంధ్రం కర్ణభేరిలో దాదాపు సగం ఉంది, ముందువైపు అంచు చాలా సన్నగా మిగిలింది. అతికించిన పొరకు అటువైపు ఆధారమూ రక్తప్రసరణా తక్కువ కాబట్టి, మీ విషయంలో నేను 85కే లెక్క వేసుకుంటున్నాను. అంటే ఏడుగురిలో ఒకరికి పొర పూర్తిగా అతుక్కోకపోవచ్చు, లేదా ఒక మూల సన్నని చిల్లు మిగలవచ్చు. అలా జరిగితే వినికిడి సాధారణంగా ఇప్పుడున్న స్థితిలోనే ఉంటుంది. కనీసం ఆరు నెలలు ఆగి మళ్ళీ ప్రయత్నించవచ్చు, ఆ సారి చెవి మృదులాస్థిని వాడతాము.

రెండోది వినికిడి. మీ పరీక్ష కాగితంలో ఎర్ర సున్నాల గీత 40 డెసిబెల్స్ దగ్గర, బ్రాకెట్ గుర్తుల గీత 10 దగ్గర ఉన్నాయి. సున్నాలు గాలి ద్వారా వినేదాన్ని, బ్రాకెట్లు ఎముక ద్వారా లోపలి చెవి వినేదాన్ని చూపిస్తాయి. లోపలి చెవి, నరం బాగున్నాయనీ, మధ్యలో ఉన్న 30 డెసిబెల్స్ తేడా చిల్లు వల్లనో, దానితోపాటు ఎముకల వల్లనో వచ్చిందనీ దాని అర్థం. చిల్లు మూసుకుంటే ఈ తేడా చాలామందిలో బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను. చెవి పొడిగా ఉండటమే ఈ ఆపరేషన్ మొదటి లక్ష్యం, వినికిడి మెరుగుపడటం దాని తర్వాతి లాభం.

నష్టభయాలను కూడా దాచకుండా చెబుతున్నాను. నాలుకకు రుచి అందించే సన్నని నరం కర్ణభేరి వెనుకనుంచే పోతుంది కాబట్టి, కొందరికి నాలుకకు ఒక పక్క లోహపు రుచి తగులుతుంది, అది చాలావరకు కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. చెవి పైభాగం కొంతకాలం మొద్దుబారినట్టు ఉంటుంది. కొద్దిరోజులు తల తిరగడం, చెవిలో హోరు ఉండవచ్చు. లోపలి చెవి దెబ్బతిని వినికిడి శాశ్వతంగా తగ్గిపోవడం నూటికి ఒకరికన్నా తక్కువమందిలో జరుగుతుంది. ముఖ నరానికి దెబ్బ తగలడం అంతకన్నా అరుదు.

ఇంటికి వెళ్ళాక

ఈ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, ఎందుకంటే మేము పొరను పరచి వదిలేస్తాము, అది అతుక్కునే పని మీ ఇంట్లో జరుగుతుంది. నాటిన నారు వేళ్ళూనే దాకా దాన్ని కదిలించకూడదన్నట్టే, మొదటి మూడు వారాలు ఆ పొరను దాని చోటునుంచి జరగనివ్వకూడదు. దాన్ని జరిపేది వేలో పుల్లో కాదు, ముక్కులోంచి చెవికి పోయే గొట్టం ద్వారా వచ్చే గాలి ఒత్తిడి. ముక్కు మూసుకుని గట్టిగా చీదితే ఆ గాలి నేరుగా కొత్త పొర కిందికి వెళ్ళి దాన్ని పైకి లేపుతుంది. కాబట్టి ముక్కు చీదవద్దు. జలుబు చేస్తే మెత్తని గుడ్డతో తుడుచుకోండి, లోపలికి లాగి నోటితో ఉమ్మేయండి. తుమ్ము వస్తే ఆపుకోవద్దు, నోరు బాగా తెరిచి తుమ్మండి. చెవి దిబ్బడగా ఉందని ముక్కు మూసి గాలి ఊదే అలవాటు మీకు ఉందని చెప్పారు, నేను చెప్పేవరకూ దాన్ని పూర్తిగా మానెయ్యాలి.

ఉదయం లేవగానే వరుస తుమ్ములు వచ్చే ఎలర్జీ మీకుంది. ముక్కులో కొట్టే స్ప్రేను ఇప్పటినుంచే రోజూ వాడండి, ఆపరేషన్ తర్వాత కూడా ఆపవద్దు. మల్కాజిగిరినుంచి బడికి వెళ్ళే దారిలో మెట్రో, ఫ్లైఓవర్ పనుల దుమ్ము ఉన్నచోట మాస్కు కట్టుకోండి. ఇల్లు ఊడ్చేటప్పుడూ, బూజు దులిపేటప్పుడూ గదిలో ఉండవద్దు. ఇంట్లో సిగరెట్ తాగేవారుంటే బయటికి వెళ్ళి తాగమని గట్టిగా చెప్పండి, నా పేరు చెప్పినా ఫర్వాలేదు. పొగ ముక్కునూ మధ్యచెవినీ చికాకుపెట్టి పొర అతకడాన్ని నిజంగానే దెబ్బతీస్తుంది.

తలకు చుట్టిన కట్టు మరునాడు ఉదయం తీసి, మిమ్మల్ని మంగళవారం మధ్యాహ్నం పంపిస్తాము. ఆ తర్వాత చెవి గుంటలో చిన్న దూది ఉంటుంది. మొదటి వారం రోజులు దానికి గులాబీ రంగు నీరు, కొద్దిగా రక్తం అంటడం మామూలే. తడిసినప్పుడల్లా చేతులు కడుక్కుని పైదూది మార్చండి, రంధ్రం లోపల ఉన్నదాన్ని లాగవద్దు. గోధుమరంగు మెత్తని పలుకులు వాటంతట అవి బయటికి వస్తే కంగారు పడవద్దు, అవి కరుగుతున్న జెల్‌ఫోమ్ ముక్కలు. చెవిలో చిటపటమనడం, నీళ్ళు కదిలినట్టు అనిపించడం కూడా మామూలే. మూడు నాలుగు వారాలపాటు ఆ చెవి ఇప్పటికన్నా తక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే లోపలంతా జెల్‌ఫోమ్ నిండి ఉంటుంది. ఆపరేషన్ ఫెయిలైందని ఈ దశలో ఏడ్చేవారిని చాలామందిని చూశాను, మీరు ఆ బెంగ పెట్టుకోవద్దు.

చెవిలోకి నీళ్ళు పోకుండా చూడటం తర్వాతి ముఖ్యమైన పని. కుట్లు తీసేవరకు మెడ కిందికే స్నానం చేయండి. ఆ తర్వాత తలంటుకోవచ్చు గానీ, దూదికి వాజెలీను బాగా పట్టించి చెవి గుంటను మూసి, తలను వెనక్కి వంచి మరొకరి చేత నీళ్ళు పోయించుకోండి. మార్చి మొదటి వారంలో హోలీ వస్తుంది, పిల్లలు ఎంత పిలిచినా ఆ ఏడాదికి రంగునీళ్ళకు దూరంగా ఉండండి. కొబ్బరినూనె, వెల్లుల్లి కాచిన నూనె, ఎవరు ఎంత ప్రేమతో చెప్పినా చెవిలో పోయవద్దు. ఇయర్‌బడ్, పిన్నీసు, అగ్గిపుల్ల ఇక జీవితంలో చెవి దగ్గరికి రాకూడదు.

మొదటి వారం రెండు దిండ్లు పెట్టుకుని, ఎడమవైపుకో వెల్లకిలానో పడుకోండి. ఫోను ఎడమ చెవికే పెట్టుకోండి. కళ్ళద్దాల కాడ కుట్ల మీద ఒత్తుకుంటే కింద కొంచెం గాజుగుడ్డ పెట్టుకోండి. గ్యాస్ సిలిండరు, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా, తడిసిన దుప్పట్ల బకెట్టు మూడు వారాలు ఎత్తవద్దు. మలబద్ధకం రాకుండా నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు ఎక్కువగా తీసుకోండి, ముక్కితే చెవిలో ఒత్తిడి పెరుగుతుంది. తిండికి పథ్యం లేదు. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగు ఏదైనా తినవచ్చు. దవడ నొప్పిగా ఉన్న రెండు మూడు రోజులూ మెత్తని అన్నం తినండి.

యాంటీబయాటిక్ మధ్యలో ఆపకుండా చీటీలో ఉన్నన్ని రోజులు వేసుకోండి. నొప్పికి పారాసిటమాల్ 650 చాలు, రెండు మాత్రల మధ్య ఆరు గంటలు ఎడం ఉండాలి. చెవి చుక్కలు నేను మొదలుపెట్టమన్నప్పుడే మొదలుపెట్టండి.

రెండు వారాల సెలవుకు సర్టిఫికెట్ ఇస్తాము, ఫిబ్రవరి 23 నుంచి బడికి వెళ్ళవచ్చు. స్కూటీ మీద హెల్మెట్ కుట్ల మీద ఒరుసుకుంటుంది కాబట్టి, అప్పటివరకు ఆటోలోనో బస్సులోనో వెళ్ళండి. విమాన ప్రయాణం ఆరు వారాల తర్వాత, నేను చెవి చూశాకే. ఈత మూడు నెలల పరీక్ష అయ్యేవరకు వద్దు.

వెంటనే రావలసిన సందర్భాలు

జ్వరం 101 డిగ్రీలు దాటినా, నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ పెరుగుతున్నా, చెవిలోంచి దుర్వాసనతో చీము వచ్చినా, చెవి వెనుక ఎర్రగా వాచి చెవి ముందుకు తోసుకువచ్చినా అదే రోజు రండి. మూతి ఒక పక్కకు లాగడం, కన్ను పూర్తిగా మూసుకోలేకపోవడం, లేచి నిలబడలేనంతగా తల తిరిగి వాంతులు కావడం, దూదిమీద దూది తడిసిపోయేంత రక్తం కారడం జరిగితే రాత్రైనా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి రండి. డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఈ కాగితం చూపిస్తే చాలు.

మళ్ళీ ఎప్పుడు రావాలి

ఫిబ్రవరి 16, సోమవారం కుట్లు తీస్తాము. మార్చి 2, సోమవారం మైక్రోస్కోపు కింద చెవిలో మిగిలిన జెల్‌ఫోమ్‌ను తీసి, పొర అతుక్కున్న తీరు చూస్తాము. ఆ రోజు కాస్త గరగర శబ్దం, నిమిషంపాటు తల తిరగడం ఉంటాయి, ఖాళీ కడుపుతో రాకండి, అక్కగారిని వెంట తెచ్చుకోండి. మే 4, సోమవారం మళ్ళీ వినికిడి పరీక్ష. ఆ రోజు పాత పరీక్ష కాగితాన్ని తప్పకుండా తీసుకురండి, రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి మీకే చూపిస్తాను.