ముసురు సాయంత్రానికి వాద్య సంగీతం

2 నిమిషాల 40 సెకన్ల వాద్య సంగీతం కావాలి. గొంతు వినిపించకూడదు, కూనిరాగం, ఆలాపన, కోరస్ కూడా వద్దు. 3/4 లయ, నిమిషానికి 66 బీట్లు, డి మైనర్. ఒక ఆడియో కథలో చివరి మాట అయ్యాక ఇది వినిపిస్తుంది.

ఇది జడివాన కాదు, ముసురు. మధ్యాహ్నం నుంచి పడుతూనే ఉంది, ఇప్పట్లో ఆగదని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. దీపం పెట్టే వేళ. రావలసిన మనిషి ఆలస్యమవుతుందని కబురు పంపారు, కానీ తప్పక వస్తారు. అందుకని ఇందులో ఎదురుచూపు ఉండాలి, ఎడబాటు ఉండకూడదు. ఇంతకుముందు తయారైన రెండు ట్యూన్లూ ఎవరో పోయినట్టు వినిపించాయి. అంత బరువు వద్దు. కాస్త బద్ధకం, కాస్త వెచ్చదనం, అడుగున సన్నని బెంగ చాలు.

ప్రధాన వాద్యం పియానో. పాత నిటారు పియానో, తీగలకు అడ్డంగా ఫెల్టు గుడ్డ వేసినట్టు మెత్తని నాదం. సుత్తులు తగిలే చిన్న చప్పుడు, పెడల్ వదిలినప్పటి కిర్రు వినిపించనివ్వాలి. వాటిని శుభ్రం చేస్తే గది మాయమైపోతుంది. కుడిచేతి బాణీలో స్వరాలు తక్కువ, ఖాళీలు ఎక్కువ. ఒక పదం పలికి, చూరు నుంచి బొట్టు రాలేంతసేపు ఆగి, మరో పదం. నైలాన్ తీగల గిటార్ 0:35 దగ్గర వేళ్ల మీటుతో చేరాలి. చెల్లో 1:10 తర్వాతే రావాలి, అదీ కింది స్థాయిలో, పొడవైన కమాను లాగుళ్లతో. అది ఏడవకూడదు, గమకాలు వేయకూడదు, పియానోకు నీడలా ఉండాలి. డ్రమ్స్ వద్దు. వయొలిన్ల గుంపు, సింథసైజర్ మెరుపులు అసలే వద్దు.

వాన శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, కానీ మూసిన కిటికీ అద్దం అవతల నుంచి వచ్చినట్టు పై పౌనఃపున్యాలు తగ్గి, పియానో కన్నా బాగా వెనక. ఉరుములు వద్దు. ఎక్కడో రేకు మీద నీటిబొట్లు అప్పుడప్పుడూ పడవచ్చు, కాకపోతే లయకు సరిగ్గా సరిపోయేలా పడకూడదు. రెవర్బ్ చిన్న గదిదే. పెద్ద హాలు ప్రతిధ్వని వస్తే ఆ ఇల్లు ఇల్లులా ఉండదు. టేపు ముక్క తిరుగుతున్నట్టు సన్నని హిస్, శ్రుతిలో కనీకనిపించని ఊగు.

1:50 దగ్గర ఎఫ్ మేజర్‌లోకి మారాలి. ఆ మార్పు మెట్టు ఎక్కినట్టు తెలియకూడదు, పక్క గదిలో దీపం వెలిగినట్టు ఉండాలి. శబ్ద తీవ్రత పెరగదు, శిఖరం లేదు. 2:25కు గిటార్, చెల్లో విరమిస్తాయి. పియానో చివరి ఎఫ్ కార్డు పైన జి స్వరాన్ని అలాగే నిలిపి, తీర్చకుండా వదిలేయాలి. ఫేడ్ అవుట్ వద్దు. ఆ స్వరం దానంతట అదే ఆరిపోయాక 7 సెకన్లు ఒట్టి వాన.