స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫలితం గురించి

ఒంగోలు,
22-08-2025

చి. శ్రావణికి,

ఆశీస్సులు. ఈ ఏడాది డిగ్రీ స్కాలర్‌షిప్‌కి నువ్వు పెట్టిన దరఖాస్తు ఎంపిక కాలేదమ్మా. ఆ మాట ముందే చెప్పి, ఎందుకు కాలేదో, వచ్చే ఏడాదికి ఏం చెయ్యొచ్చో రాస్తున్నాను. ఉన్నవి 12 స్కాలర్‌షిప్‌లు, వచ్చిన దరఖాస్తులు 148. చివరగా ఎంపికైన విద్యార్థికి 100కి 71 వచ్చాయి, నీకు 65.

ఇంటర్ మార్కులకు 40కి 37 వచ్చాయి. అక్కడ నువ్వు చాలామంది కంటే ముందున్నావు. తగ్గినదంతా కాగితాల దగ్గరే.

కుటుంబ పరిస్థితికి 30 మార్కులుంటే నీకు 13 మాత్రమే వచ్చాయి. నువ్వు జతచేసిన ఆదాయ ధ్రువపత్రం 2022 నాటిది. ఆ కాలమ్‌లో 'మాది పేద కుటుంబం' అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. వివరాలు సరిచూడడానికి మేం ఫోన్ చేసినప్పుడు మీ నాన్నగారిది కౌలు సేద్యమని, రెండేళ్లుగా కంది సరిగా పండలేదని, మీ అమ్మగారు సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్తారని చెప్పావు. విన్నవాళ్లందరికీ బాధేసింది. కానీ కాగితం మీద లేనిదానికి మార్కు వెయ్యకూడదన్నది అందరికీ పెట్టుకున్న నియమం. ఈసారి ఎన్ని ఎకరాల కౌలు, ఎంత కౌలు కడుతున్నారు, అప్పు ఎంత, అమ్మకు ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతుంది, అన్నీ అంకెలతో రాయి. రాయడానికి మొహమాటపడకు. కౌలు కార్డు ఉంటే దాని జిరాక్స్ పెట్టు. ఆదాయ ధ్రువపత్రానికి మీ సచివాలయంలో ఇప్పుడే అర్జీ ఇవ్వు, చివరి వారం దాకా ఆగొద్దు.

వ్యాసానికి 20కి 11. ఇద్దరు విడివిడిగా దిద్దారు. ఒకరు 9, ఒకరు 13 వేశారు, సగటు తీసుకున్నాం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదటి పేజీ అంతా విద్య గొప్పతనం గురించి ఉంది. అలాంటి పేజీలు మాకు వందకు పైగా వచ్చాయి. రెండో పేజీ అడుగున మాత్రం ఇలా రాశావు: 'మా నాయనమ్మ చెయ్యి పైకి లేవదు. రోజూ జడ నేనే వేస్తాను. మా ఊరి బోరు నీళ్ల వల్లే అంటారు.' ఆ మూడు వాక్యాల దగ్గర నేను పెన్ను పక్కన పెట్టేశాను. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఎన్ని ఇళ్లలో ఎముకలను పీడించిందో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు తెలుసు. నువ్వు చేరింది బీఎస్సీ కెమిస్ట్రీ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని నీకు పాఠంలో వస్తుంది, ఆ మించిన నీళ్లు ఏం చేస్తాయో ఇంట్లోనే చూస్తున్నావు. ఈ రెంటినీ కలిపి ఎక్కడా రాయలేదు. వ్యాసం ఆ జడ దగ్గరే మొదలుపెట్టు. ఈ సబ్జెక్టే ఎందుకు తీసుకున్నావో, చదువయ్యాక ఏం చెయ్యాలనుకుంటున్నావో అక్కడి నుంచి చెప్పు. పెద్ద మాటలు అక్కర్లేదు.

సిఫార్సు లేఖకు 10కి 4. 'క్రమశిక్షణ గల విద్యార్థిని' అన్న అదే లేఖ, పేరు మార్చి, ఇంకో ఇద్దరి దరఖాస్తుల్లోనూ ఉంది. అది నీ తప్పు కాదు, కానీ మార్కు పోయింది. ఈసారి నీకు ల్యాబ్ చెప్పే లెక్చరర్‌ని అడుగు. నెల ముందే అడిగి, నువ్వు చేసిన పనులు ఒక కాగితం మీద రాసి ఇవ్వు, వాళ్లకూ సులువవుతుంది.

డిగ్రీ రెండో ఏడాది వాళ్లూ మాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారాలు జూన్‌లో ఇస్తాం. తప్పకుండా వస్తుందని మాట ఇవ్వలేను, మళ్లీ పోటీ ఉంటుంది.

ఈలోపు scholarships.gov.in లో కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ చూడు. ఇంటర్ బోర్డు పరీక్షల్లో 80 పర్సంటైల్ దాటి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. అయితే అది తీసుకునేవాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటి ఇంకో సాయం తీసుకోకూడదు. ఏది ఎక్కువ కలిసొస్తుందో కాలేజీ ఆఫీసులో అడిగి, నాన్నగారితో లెక్క చూసుకున్నాకే పెట్టు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో కూడా ఒకసారి చూసుకో.

వచ్చే శనివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా ఆఫీసులో ఉంటాను. నాన్నగారినో అమ్మనో తీసుకుని రా. దిద్దిన కాగితాలు చూపిస్తాను. వ్యాసం కొత్తగా ఒక పేజీ రాసి తెస్తే అక్కడే కూర్చుని చదువుదాం.

నాయనమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
కార్యదర్శి,
స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీ