పంచమాధిపతి సప్తమంలో, సప్తమాధిపతి నీచలో: ఒక మిథున లగ్న జాతకంలో ప్రేమ పెళ్లా, పెద్దలు కుదిర్చే పెళ్లా?

జాతకురాలు స్త్రీ. జననం 1997 నవంబరు 14, శుక్రవారం, రాత్రి 8:40, విజయవాడ. ఈశ్వర నామ సంవత్సరం. కార్తీక పౌర్ణమి వెళ్లి బహుళ పాడ్యమి వచ్చి గంట అయింది. కృత్తిక 1వ పాదం, మేష రాశి. లాహిరి అయనాంశ. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి ఏదో ఒక వంకతో వాయిదా వేస్తోంది. అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పెళ్లి ఎవరు కుదుర్చుకునేది?

రాశి చక్రం:

లగ్నం: మిథునం, సుమారు 14 డిగ్రీలు
రాహువు: సింహం (3)
రవి: తుల, 28 డిగ్రీలు (5), నీచ
బుధుడు: వృశ్చికం (6)
శుక్రుడు: ధనుస్సు, 15 డిగ్రీలు (7), పూర్వాషాఢ
కుజుడు: ధనుస్సు, 10 డిగ్రీలు (7), మూల
గురువు: మకరం, 20 డిగ్రీలు (8), నీచ, శ్రవణం
కేతువు: కుంభం (9)
శని: మీనం, 20 డిగ్రీలు (10), వక్రి, రేవతి
చంద్రుడు: మేషం, 29 డిగ్రీలు (11)

ముందు జనన సమయం సంగతి. ఆ రోజు విజయవాడలో మిథున లగ్నం రాత్రి 7:40 ప్రాంతంలో మొదలై 9:50 ప్రాంతంలో ముగుస్తుంది. 8:40 దాదాపు నడిమధ్యన ఉంది కాబట్టి గడియారం పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ అయినా లగ్నం మారదు. నవాంశ లగ్నం మాత్రం పావుగంటలోపే మారిపోతుంది. అందుకని నవాంశలో గ్రహాలు ఏ రాశిలో పడ్డాయో చూశాను గానీ, నవాంశ లగ్నం నుంచి భావాలు లెక్కపెట్టలేదు. అదే కర్కాటక లగ్నం అయి ఉంటే పంచమాధిపతి కుజుడు ఆరులోకి, సప్తమాధిపతి శని తొమ్మిదిలోకి వెళ్తారు, కింద రాసినదంతా కొట్టేయాల్సి వస్తుంది.

పంచమం మనసుపడటం, సప్తమం తాళి. ఒకటి బలంగా ఉన్నంత మాత్రాన రెండోది జరగదు. పంచమం బలంగా ఉండి సప్తమంతో ఏ సంబంధమూ లేకపోతే ప్రేమ ఉంటుంది, పెళ్లి ఇంకొకరితో అవుతుంది. కాబట్టి చూడాల్సింది ఆ రెండిటి మధ్య తాడు ఉందా లేదా అని. ఈ జాతకంలో ఉంది, అదీ గట్టిగా. మిథునానికి పంచమం తుల, దాని అధిపతి శుక్రుడు. ఆయన నేరుగా సప్తమంలో కూర్చున్నాడు. పైగా పూర్వాషాఢ శుక్రుడి నక్షత్రమే, అంటే తన నక్షత్రంలో తానే ఉన్నాడు. రవికి 47 డిగ్రీల దూరంలో ఉన్నాడు, అస్తంగత్వం ప్రసక్తే లేదు. పంచమాధిపతి, కళత్ర కారకుడు ఒకే గ్రహం అయ్యి, ఆ గ్రహం ఏడో ఇంట్లో ఉండటం ప్రేమ వివాహానికి చెప్పే యోగాల్లో పైవరుసలోది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. 'కారకో భావ నాశాయ' అంటారు కదా, సప్తమంలో శుక్రుడు పెళ్లిని చెడగొట్టడా అని. ఆ సూత్రాన్ని గుడ్డిగా అన్వయించకూడదు. కారకుడు ఒంటరిగా, బలహీనంగా, పాపుల మధ్య నలిగితే ఆ మాట కొంత పనిచేస్తుంది. ఇక్కడ శుక్రుడికి పంచమాధిపత్యం ఉంది, స్వనక్షత్రం ఉంది. కాబట్టి చెడగొట్టడం అనను, అంచనాలు పెంచుతాడు అంటాను. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఏదో తక్కువైనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే కొలబద్ద ఎప్పుడో మనసులో ఖాయమైపోయింది.

శుక్రుడి పక్కన 5 డిగ్రీల తేడాలో కుజుడున్నాడు. శుక్ర కుజుల యుతి కనబడగానే 'ప్రేమ పెళ్లి' అని రాసేసేవాళ్లు చాలామంది. అది పొరపాటు. ఆ యుతి ఆకర్షణ చెబుతుంది, పెళ్లి చెప్పదు. ఇక్కడ దానికి విలువ రావడానికి కారణం కుజుడి ఆధిపత్యాలు. ఆయన లాభాధిపతి, అంటే కోరిక తీరే పదకొండుకు అధిపతి. 5, 7, 11 ఒకే చోట కలిశాయి. ఆయనే ఆరుకు కూడా అధిపతి, లగ్నాధిపతి బుధుడు ఆ ఆరులోనే ఉన్నాడు. ఆరు అంటే ఉద్యోగం, పోటీ, వాదన. పరిచయం పని చేసే చోటో, పోటీ పరీక్షల దగ్గరో అయి ఉండాలి. ఇద్దరికీ తగాదాలు కూడా తక్కువేం కాదు.

చంద్ర లగ్నం నుంచి చూస్తే మాట మరింత బలపడుతుంది. మేషానికి పంచమం సింహం, అందులో రాహువు. పంచమాధిపతి రవి తులలో, అంటే చంద్రుడికి సప్తమంలో. సప్తమాధిపతి శుక్రుడు చంద్రుడికి తొమ్మిదిలో, రాశ్యధిపతి కుజుడితో. లగ్నం నుంచి 'పంచమాధిపతి సప్తమంలో', చంద్రుడి నుంచీ 'పంచమాధిపతి సప్తమంలో'. ఇలా రెండు వైపులా ఒకే మాట పలికినప్పుడే నేను గట్టిగా రాస్తాను. శుక్రుడి నుంచి చూస్తే అంత స్పష్టత లేదు. సప్తమాధిపతి బుధుడు పన్నెండులో పడ్డాడు, అంతే.

రాహువు మూడులో ఉండి ఐదో దృష్టితో సప్తమాన్ని చూస్తాడు. రాహువుకు 5, 9 దృష్టులు అందరూ ఒప్పుకోరు, అందుకని దీనికి సగం విలువే ఇచ్చాను. రాహువు తగిలితే 'కులాంతరం' అని తేల్చేయడం కూడా అలవాటైపోయింది. భాష, ప్రాంతం, ఆస్తి, చదువు, వీటిలో ఏదో ఒక తేడా ఇంట్లోవాళ్లకి కొరుకుడు పడదని చెప్పగలం, ఏ తేడా అన్నది రాహువు ఒక్కడి వల్ల తెలియదు.

ఇంతవరకూ చదివితే ప్రేమ వివాహం అని ముగించొచ్చు. కానీ అసలు సంగతి సప్తమాధిపతి దగ్గర ఉంది. గురువు ఎనిమిదిలో, నీచలో. విషయం దాగి ఉంటుంది, ఆలస్యమవుతుంది, బయటపడ్డ రోజున ఇంట్లో పెద్ద గొడవే జరుగుతుంది. అక్కడే ఆగిపోతే మాత్రం ఈ జాతకానికి అన్యాయం చేసినట్టు. గురువు శని ఇంట్లో, శని గురువు ఇంట్లో ఉన్నారు. పరివర్తన. నీచ రాశ్యధిపతి శని లగ్నానికి కేంద్రంలో, మకరంలో ఉచ్చపడే కుజుడు కూడా కేంద్రంలో. నీచభంగం రెండు విధాలా ఉంది. నవాంశలో గురువు కర్కాటకంలో ఉచ్చ, శని మకరంలో స్వక్షేత్రం.

ఆ శని ఎవరు? మిథునానికి భాగ్యాధిపతి. తండ్రి, పెద్దలు, వంశాచారం తొమ్మిదివి. సప్తమాధిపతి, నవమాధిపతి ఇళ్లు మార్చుకున్నారంటే పెళ్లి పెద్దల చేతుల మీదుగా తప్ప జరగదు. శని పదో ఇంటి నుంచి పదో దృష్టితో సప్తమాన్ని కూడా చూస్తున్నాడు. పది అంటే పరువు. తండ్రి అడ్డు చెప్పేది అబ్బాయి మీద కోపంతో కాదు, నలుగురు ఏమంటారో అని. శనికి అష్టమాధిపత్యం కూడా ఉంది, అందుకే తేలిగ్గా ఒప్పుకోడు, కనీసం ఒకసారి 'కుదరదు' అనిపిస్తాడు. ఆ మాటను చివరి మాటగా తీసుకోకూడదు.

పంచమంలో రవి నీచ, పైగా 28 డిగ్రీల దగ్గర భావ సంధిలో ఉన్నాడు. పితృకారకుడు ప్రేమ స్థానంలో బలహీనంగా ఉన్నాడంటే అమ్మాయికి నాన్న ముందు నోరు పెగలదు. దానికి ఎదురుగా నిండు చంద్రుడు లాభం నుంచి పంచమాన్ని చూస్తున్నాడు. ఆయన మాతృకారకుడు, కుటుంబ స్థానమైన రెండుకు అధిపతి కూడా. గురువు ఉన్న శ్రవణం చంద్రుడి నక్షత్రమే, ఎనిమిదిలోంచి గురువు రెండో ఇంటినే చూస్తున్నాడు. దారి తల్లి గుండా ఉంది. ముందు తల్లికి చెప్పి, ఆమె ద్వారా తండ్రికి వెళ్లాలి. నేరుగా తండ్రితో మొదలుపెడితే శని మొండికేస్తాడు.

నా నిర్ణయం: ఎన్నుకునేది అమ్మాయి, చేసేది పెద్దలు. లేచిపోయే యోగం కాదు, రిజిస్టర్ ఆఫీసులో రహస్యంగా ముగిసేది కాదు. పెళ్లిచూపుల్లో చూసిన కొత్త మనిషికి తలవంచే జాతకమూ కాదు. పట్టుబట్టి అలా చేస్తే సప్తమంలోని కుజుడు ఇంట్లో మంట పెడతాడు.

కాలం చూద్దాం. రవి దశ శేషం 4 సంవత్సరాల 11 నెలలు. అక్కడి నుంచి చంద్రుడు 10, కుజుడు 7 లెక్కిస్తే 2019 చివర్లో రాహు దశ మొదలైంది. కుజ దశలో శుక్ర భుక్తి 2017 చివరి నుంచి 2018 చివరి దాకా నడిచింది, పరిచయం అప్పటిదై ఉండటానికి అవకాశం ఎక్కువ. ఈ ఒక్కటీ అమ్మాయిని అడిగి సరిచూసుకోవాలి. తేదీ పూర్తిగా తప్పితే జనన సమయాన్ని మళ్లీ పరీక్షించాలి. రాహువులో గురు భుక్తి 2022 మధ్య నుంచి 2024 చివరి దాకా: సప్తమాధిపతి భుక్తే గానీ ఎనిమిదిలో ఉన్నాడు, దాపరికంలోనే గడిచిపోయింది. ఇప్పుడు శని భుక్తి, 2027 అక్టోబరు ప్రాంతం దాకా. పరివర్తనలో గురువు ఫలం కూడా ఇతనే ఇవ్వాలి.

గోచారంలో శని 2027 జూన్ మొదటి వరకు మీనంలోనే ఉండి సప్తమాన్ని చూస్తాడు. గురువు 2026 అక్టోబరు చివర సింహంలోకి వచ్చి ఐదో దృష్టితో ధనుస్సును చూస్తాడు, 2027 జనవరి చివర వక్రించి కర్కాటకానికి వెళ్తాడు. ఆ మూడు నెలలు ఇద్దరి చూపూ ఏడో ఇంటిపై ఉంటుంది. మాట్లాడుకోవడానికి, నిశ్చితార్థానికి ఇది మంచి సమయం. గురువు తిరిగి సింహానికి 2027 జూన్ చివర వస్తాడు. అప్పటికి శని మేషంలో ఉండి జన్మ గురువున్న మకరాన్ని చూస్తుంటాడు. అక్టోబరు లోపు ముహూర్తం పెట్టుకోవచ్చు. ఆ లోపల తండ్రి ఒప్పుకోకపోతే బుధ భుక్తి వస్తుంది. బుధుడు లగ్నాధిపతి అయినా ఆరులో ఉన్నాడు, బేరాలు, వాదనలతో ఏడాది రెండేళ్లు లాగుతాడు.

కుజుడు లగ్నం నుంచి ఏడులో ఉన్నాడు కాబట్టి కుజదోషం లెక్కకు వస్తుంది. చంద్రుడి నుంచి తొమ్మిది, అక్కడ దోషం లేదు. అబ్బాయి జాతకం తెస్తే మొదట చూడాల్సింది నక్షత్రాల గుణాల సంఖ్య కాదు. అతని కుజుడు ఎక్కడున్నాడు, అతని ద్వితీయం, సప్తమం శని గురువుల దెబ్బ తట్టుకునేట్టు ఉన్నాయా అన్నది. 2026 దసరా లోపు ఆ జాతకం తెప్పించమని తల్లికి చెప్పాలి, అమ్మాయికి కాదు.