పాత ధర

జనవరి 1న బొబ్బిలిలో రమణయ్య కిరాణా కొట్టు తెరిచేసరికి ఫోన్‌లో నాలుగు వందల పైచిలుకు మెసేజ్‌లు ఉన్నాయి. గులాబీలు, దీపాలు, సూర్యోదయాలు, వేంకటేశ్వరస్వామి. ఒక్కొక్కటీ తెరిస్తే బేరాలు సాగవు. తనకొచ్చిన పూలగుత్తి బొమ్మనొకదాన్ని పట్టుకుని అందరికీ పంపేశాడు. అనకాపల్లి బెల్లం షావుకారుకి కూడా. ఆయన పేరు కింద కనిపించింది కూడా శుభాకాంక్షలే.

9వ తేదీన పైడమ్మ వచ్చింది. కూతురికి పెళ్లయ్యాక ఇదే మొదటి సంక్రాంతి.

"పది కిలోలు కావాలి బాబూ. అరిసెలకి కొత్త బెల్లమే ఉండాలి. బియ్యం రేపు నానేస్తాను."

కొట్లో మిగిలింది ఒకే ఒక పాత దిమ్మ. నల్లబడి, చెమ్మగిల్లి ఉంది. దాంతో పాకం సరిగ్గా కుదరదని ఇద్దరికీ తెలుసు. రమణయ్య వెంటనే షావుకారుకి ఫోన్ చేశాడు.

"అయ్యో, రమణయ్య గారూ! ఒకటో తారీఖునే మెసేజ్ పెట్టాను కదండీ. మీరు పూలగుత్తి పంపారు. ఈసారి అక్కర్లేదేమో అనుకుని మీ వాటా పార్వతీపురం వాళ్లకిచ్చేశాను."

రమణయ్యకి చెమటలు పట్టాయి. ఆ చాట్ తెరిచి పైకి జరిపాడు. ఆ శుభాకాంక్షల బొమ్మకి సరిగ్గా పైన రెండు లైన్లు ఉన్నాయి. "3న మీ వైపు లారీ వస్తుంది. కొత్త బెల్లం కిలో 52. ఎన్ని దిమ్మలో రాత్రికల్లా చెప్పండి. పండగలోపు ఇంకో లోడు లేదు."

ఇరవై ఏళ్లుగా సరుకిస్తున్న మనిషి. ధర పెరగకముందే గుర్తుపెట్టుకుని అడిగాడు. ఆ మాటకి తాను ఒక పువ్వు బొమ్మ విసిరేశాడు. నష్టం కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పు నాదే షావుకారు గారూ. మూడు దిమ్మలు ఎలాగైనా ఉంచండి. నేనే వస్తాను."

"ఇప్పుడు అరవై అయిందండీ."

"కానివ్వండి."

పైడమ్మని ఎల్లుండి పొద్దున రమ్మన్నాడు. మర్నాడు కొట్టు భార్యకి అప్పగించి మొదటి బస్సెక్కాడు. రాత్రి తొమ్మిదింటికి గోనెసంచి భుజాన వేసుకుని దిగాడు. చొక్కాకంతా బెల్లం వాసన.

పొద్దున్నే పైడమ్మ వచ్చింది. దిమ్మ పగలగొట్టి ముక్క చేతికిస్తే నోట్లో వేసుకుని తలూపింది.

"కిలో ఎంత బాబూ? బజార్లో డెబ్బై అంటున్నారు."

రమణయ్య కాటా మీద పది కిలోలు పెట్టి, మరో చిన్న ముక్క పైన వేశాడు. తనకి పడ్డ అరవై, రానుపోను బస్సు చార్జీలు నోటిదాకా వచ్చాయి.

"ఒకటో తారీఖు ధరేనమ్మా," అన్నాడు. "కిలో యాభై ఐదు."