కాంతి విద్యుత్ ఫలితం: మోడరన్ ఫిజిక్స్ పేపర్‌కి నోట్సు

మొన్న మిడ్ పేపర్లు దిద్దుతుంటే సగం క్లాసు ఒకే మాట రాసింది: "కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్లు ఇంకా వేగంగా బయటికొస్తాయి." చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లూ అదే, ఇక్కడ విజయనగరంలో హాస్టల్లో ఉండేవాళ్లూ అదే. సెమిస్టర్‌లో మళ్లీ ఇదే రాస్తే మార్కులు వేయడానికి నాకు దారి ఉండదు. అందుకని ఈ ఒక్క టాపిక్ మొదట్నుంచీ రాసిస్తున్నాను.

1887లో హెర్ట్జ్ ఒక సంగతి గమనించాడు. లోహపు కొనలమీద అతినీలలోహిత కాంతి పడితే స్పార్క్ తేలిగ్గా వస్తోంది. ఆ తర్వాత లెనార్డ్ 1902లో చూపించినదే మన ప్రశ్నకి అసలు ఆధారం: తీవ్రత పెంచితే బయటికొచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగింది గానీ వాటి గరిష్ఠ గతిజశక్తి మారలేదు. ఆ శక్తిని కొలిచేది నిరోధక పొటెన్షియల్‌తో. ఎలక్ట్రాన్లు చేరాల్సిన పలకకి రుణ పొటెన్షియల్ ఇచ్చి పెంచుకుంటూ పోతే, ఒకచోట కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. ఆ విలువ V₀ అయితే Kmax = eV₀.

కాంతి ఉత్త తరంగమే అనుకుంటే ఏమవుతుందో ఒక లెక్క వేద్దాం. సోడియం పలకమీద చదరపు మీటరుకు 10⁻⁶ వాట్ల మసక వెలుగు పడుతోంది. పరమాణువు వ్యాసార్థం 10⁻¹⁰ మీటర్లనుకుంటే, దాని వాటాకి వచ్చే శక్తి సెకనుకు సుమారు 3 × 10⁻²⁶ జౌళ్లు. ఎలక్ట్రాన్ బయటపడాలంటే 2.28 eV, అంటే 3.65 × 10⁻¹⁹ జౌళ్లు కావాలి. భాగించి చూడండి: కోటీ ఇరవై లక్షల సెకన్లు దాకా వస్తుంది. సంక్రాంతినాడు లైటు వేస్తే మొదటి ఎలక్ట్రాన్ మే నెలాఖరుకి గానీ రాదు! ప్రయోగంలో మాత్రం 10⁻⁹ సెకను కూడా ఆలస్యం కనిపించదు.

ఈ చిక్కుని 1905లో ఐన్‌స్టీన్ విప్పాడు. కాంతి శక్తి hν పొట్లాలుగా వస్తుంది, ఒక ఫోటాన్ తన శక్తి మొత్తాన్ని ఒకే ఎలక్ట్రాన్‌కి ఇచ్చేస్తుంది.

hν = φ + Kmax

φ అంటే పని ప్రమేయం, ఆ లోహం నుంచి ఎలక్ట్రాన్ బయటపడటానికి కావాల్సిన కనీస శక్తి. hν అంతకన్నా తక్కువైతే ఎలక్ట్రాన్ రాదు. ఆరంభ పౌనఃపున్యం ν₀ = φ/h అనేది ఇక్కణ్ణుంచే వస్తుంది.

పలాస పిల్లలకి దీన్ని జీడిపిక్కతో చెబుతాను. పిక్క పగలాలంటే దానికి తగిన దెబ్బ ఒకటి పడాలి. వేళ్లతో పదివేలసార్లు తట్టినా, పదిమంది కూర్చుని తట్టినా పగలదు. తట్టేవాళ్ల సంఖ్య తీవ్రత, ఒక్కో దెబ్బ బలం పౌనఃపున్యం. (ఈ పోలిక పరీక్షలో రాయకండి, దిద్దేవాళ్లది పలాస కాకపోవచ్చు.) రెండు ఫోటాన్లు కలిసి ఒక ఎలక్ట్రాన్‌ని తోయకూడదా అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. చాలా శక్తివంతమైన లేజర్లతో అదీ జరుగుతుంది. మామూలు కాంతిలో మాత్రం రెండో ఫోటాన్ వచ్చేలోపే మొదటిది ఇచ్చిన శక్తి లోహంలో వేడిగా పోతుంది.

ఇప్పుడు అంకెలు. ఫోటాన్ శక్తికి చేతిలెక్క: 1240ని నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంతో భాగిస్తే eVలో వస్తుంది. 650 nm ఎర్రకాంతికి 1.91 eV. సోడియానికి చాలదు. సంతలో దొరికే 5 మిల్లీవాట్ల ఎర్ర లేజర్ సెకనుకి సుమారు 1.6 × 10¹⁶ ఫోటాన్లు పంపుతుంది, అయినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా కదలదు. అదే 400 nm ఊదాకాంతి ఎంత మసకగా ఉన్నా 3.10 eV ఇస్తుంది. 3.10 − 2.28 = 0.82 eV, కాబట్టి V₀ = 0.82 వోల్టులు. వెలుగు రెట్టింపు చేయండి: కరెంటు రెట్టింపవుతుంది, V₀ మాత్రం 0.82 దగ్గరే ఉంటుంది.

అలాగని తీవ్రతకి పనేమీ లేదని రాసేయకండి, అది రెండో తప్పు. ν₀ దాటాక కరెంటు ఎంతన్నది తేల్చేది తీవ్రతే. తీవ్రత మార్చకుండా పౌనఃపున్యం పెంచితే ఒక్కో ఫోటాన్ బరువెక్కుతుంది కాబట్టి వచ్చే ఫోటాన్ల సంఖ్య తగ్గుతుంది. ఈ మెలిక మీద రెండు మార్కుల ప్రశ్న పడే అవకాశం ఉంది.

గ్రాఫులో నిలువుగా V₀, అడ్డంగా ν తీసుకుని సరళరేఖ గీయండి. వాలు h/e. లోహం మారితే రేఖ పక్కకి జరుగుతుంది, వాలు మారదు. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని నమ్మని మిల్లికన్ ఏళ్ల తరబడి కొలిచి, 1916లో ఈ వాలు నుంచే h విలువ రాబట్టాడు.

సోమవారానికి ఒక లెక్క: జింక్‌కి φ = 4.3 eV, మెర్క్యురీ దీపం నుంచి వచ్చేది 254 nm కాంతి. V₀ ఎంత? దీపానికీ జింక్ పలకకీ మధ్య మామూలు కిటికీ అద్దం పెడితే ఎలక్ట్రాన్లు ఆగిపోతాయి. ఎందుకో ఒక్క వాక్యంలో రాసి తీసుకురండి.